మెడికల్ క్లెయిము బిల్లులు, వాటితో పాటు ఈ లెటరు

పైడిభీమవరం, 24-9-2025

హెచ్ఆర్ సార్ గారికి నమస్కారం,

మా ఆవిడ అపెండిక్స్ ఆపరేషన్ బిల్లులు ఈ కవర్లో పెట్టాను. జీతం 21,000 దాటి ఈఎస్ఐ నుంచి బయటికొచ్చాక కంపెనీ స్కీములో పెడుతున్న మొదటి క్లెయిము ఇదే, కాబట్టి ఏదైనా తేడా ఉంటే కోప్పడకుండా చెప్పండి.

ఈ నెల 5న తను టెక్కలి దగ్గర వాళ్ళ పుట్టింట్లో ఉంది. అర్ధరాత్రి కడుపునొప్పి మొదలై తెల్లారేసరికి నిలబడలేకపోతే, మా బావమరిది కారు మాట్లాడి శ్రీకాకుళం తీసుకొచ్చాడు. లిస్టులో ఉన్న ఆసుపత్రి ఏదో వెతికే టైము లేదు సార్, దగ్గర్లో డ్యూటీ సర్జన్ ఉన్నచోట చేర్చేశాం, అందుకే క్యాష్‌లెస్ అవలేదు. 6న ఆపరేషన్, 9న డిశ్చార్జి. 6న పొద్దున్నే కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసి చెప్పాను, వాళ్ళిచ్చిన నంబరు ఫారం పైన రాశాను.

ఆసుపత్రి ఫైనల్ బిల్లు 41,800, మందుల బిల్లులు 9 కలిపి 11,460, బయట తీయించిన స్కానింగు, రక్తపరీక్షలు 3,150, డిశ్చార్జి తర్వాత మందులు 1,290. మొత్తం 57,700. ఇందులో ఒక మందుల బిల్లులో సబ్బు, పౌడరు, వాటర్ బాటిళ్ళు 340కి కలిసిపోయాయి, వాటికి నేనే పెన్నుతో సున్నా చుట్టాను. అవి పోను అడుగుతున్నది 57,360. కారు కిరాయికి రసీదు లేదు, అది వదిలేశాను. 10,000 అడ్వాన్సు రసీదు కూడా ఉంది కానీ అది ఫైనల్ బిల్లులో కలిసిందే, విడిగా లెక్కేయొద్దు.

రెండు విషయాలు మాత్రం ముందే చెప్తున్నాను. కార్డులో మా ఆవిడ పేరు వెంకటలక్ష్మి, ఆసుపత్రిలో కంగారులో బావమరిది ఒట్టి లక్ష్మి అని రాయించాడు. ఇద్దరూ ఒకరేనని ఆసుపత్రి వాళ్ళు స్టాంపు వేసి ఇచ్చిన కాగితం, ఆధార్ జెరాక్సు పెట్టాను. రెండోది, 860 రూపాయల మందుల బిల్లు ఒరిజినల్ పోయింది, షాపు నుంచి డూప్లికేట్ తెచ్చాను. అది ఒప్పుకోకపోతే ఆ ఒక్కటీ తీసేయండి, దానికోసం మొత్తం ఫైలు ఆపొద్దని నా మనవి. మా సెక్షన్లో ఒకతనికి బ్రేకప్ లేదని ఒకసారి, రిపోర్టులు లేవని ఇంకోసారి ఫైలు వెనక్కొచ్చింది, అది చూసే నేను ఐటమ్ వారీ బ్రేకప్, డిశ్చార్జి సమ్మరీ, రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ ఒకేసారి తెచ్చాను. ఒరిజినల్స్ మీకిచ్చి జెరాక్సులు నా దగ్గర ఉంచుకున్నాను. కాగితాలు ముట్టినట్టు ఈ లెటరు రెండో కాపీ మీద సంతకం పెట్టివ్వండి.

కట్టిన డబ్బులో 40,000 అప్పు తెచ్చిందే సార్, కొంచెం త్వరగా పంపించండి. 17న కుట్లు విప్పారు, వచ్చే నెల ఇంకో చెకప్ ఉంది, ఆ బిల్లు తర్వాత ఇస్తాను.

డబ్బు జీతం పడే అకౌంటుకే వేయండి, పాస్‌బుక్ మొదటి పేజీ చివర్లో ఉంది. ఏదైనా అడగాలంటే మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఫోన్ చేయండి, బి షిఫ్టులో లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కదా.

ఇట్లు,
అప్పలనాయుడు
ప్యాకింగ్ సెక్షన్, బి షిఫ్టు