రెసిడెంట్స్ గ్రూప్: 12వ నంబర్ పార్కింగ్ గొడవ

శుక్రవారం రాత్రి

204 (9:48): 12వ నంబర్ స్లాట్‌లో తెల్ల కారు ఎవరిదండీ? అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, ఇప్పుడే డిశ్చార్జ్ చేయించుకుని వచ్చాం. సెల్లార్‌లో లిఫ్ట్ దగ్గర దింపాలి. కొంచెం త్వరగా తీస్తారా, ప్లీజ్.

101 (9:50): మాది కాదండీ.

403 (9:53): మాదీ కాదు. వాచ్‌మన్‌ని అడగండి.

204 (10:02): వాచ్‌మన్ ఫోన్ ఎత్తట్లేదు. కారు రోడ్డు మీదే పెట్టాను. అమ్మను వీల్‌చెయిర్‌లో ర్యాంప్ మీదుగా దింపుకొచ్చాం.

501 (10:04): (ఫొటో) అందరూ చూడండి. ఇది 302 వాళ్ల చుట్టాల కారు. ఇదేం మొదటిసారి కాదు.

501 (10:05): అద్దెకుండేవాళ్లకి రూల్స్ ఎవరు చెప్తారు? లక్షలు పోసి కొనుక్కున్న మనం రోడ్డు మీద పెట్టుకోవాలి.

302 (10:09): సారీ అండీ 204 గారూ. ఫోన్ చార్జింగ్‌లో ఉండి చూసుకోలేదు. మా బావగారు వరంగల్ నుంచి వచ్చారు. ఖాళీగా ఉంది పెట్టుకోండి అని వాచ్‌మన్ చెప్పాడట. అయినా తప్పు మాదే. తాళం తీసుకుని దిగుతున్నారు.

204 (10:10): సరే అండీ, పర్లేదు. తీసేయండి.

501 (10:11): సారీ అంటే అయిపోతుందా? మొన్న పిల్లాడి బర్త్‌డేకి పదకొండున్నర దాకా పాటలు పెట్టారు. అప్పుడు ఎవరికి చెప్పారు సారీ?

302 (10:13): అన్నా, కారు గురించి కదా మాట్లాడుతున్నాం. బర్త్‌డే సంగతి ఇప్పుడెందుకు?

501 (10:14): 204 గారూ, మీ అమ్మగారు ఆ ర్యాంప్ మీద జారిపడి ఉంటే ఎవరిది బాధ్యత? మీరిలా మెత్తగా ఉంటే నెత్తికెక్కి కూర్చుంటారు.

204 (10:16): అదీ నిజమే. ఆపరేషన్ అయిన మనిషిని అలా దింపాల్సి వస్తే మాకు మాత్రం కోపం రాదా?

402 (10:17): 501 గారు కరెక్ట్‌గా చెప్పారు. టెనెంట్లకి అసలు పార్కింగే ఇవ్వకూడదు.

305 (10:18): మేమూ టెనెంట్లమే. మాటలు చూసి మాట్లాడండి.

302 (10:21): కారు తీసేశారు. స్లాట్ ఖాళీగా ఉంది.

501 (10:22): రేపే మీ ఓనర్‌కి ఫోన్ చేస్తా, ఖాళీ చేయించమని. ఇంకోసారి ఆ కారు కనిపిస్తే టైర్లలో గాలి ఉండదు.

302 (10:24): కారు ముట్టుకుంటే పోలీస్ కంప్లైంట్ ఇస్తాం.

501 (10:25): ఇవ్వండి, చూద్దాం.

103, సెక్రటరీ (10:27): అందరూ ఆపండి. పొద్దున దాకా గ్రూప్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చాను. 204 బాబూ, అమ్మకు ఏం కావాలన్నా నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.

శనివారం ఉదయం

103, సెక్రటరీ (7:40): అందరికీ నమస్కారం. రాత్రి మెసేజ్‌లన్నీ టైమ్ చూసుకుంటూ మళ్లీ చదివాను. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "ఇద్దరిదీ తప్పే, వదిలేయండి" అన్నారు. నేను ఒప్పుకోను. అలా తేల్చేస్తే నొప్పి పడ్డ 204కి అన్యాయం, సారీ చెప్పిన 302కీ అన్యాయం.

302 చేసింది తప్పే. చుట్టాలొస్తే గేటు పక్కన విజిటర్స్ స్థలంలో పెట్టించాలి. వాచ్‌మన్ చెప్పినా మనం ఒకసారి చూసుకోవాలి. కానీ 10:09కి వాళ్లు తప్పు ఒప్పుకున్నారు, 10:10కి 204 పర్లేదన్నాడు. బాధపడ్డ మనిషీ, బాధపెట్టిన మనిషీ అక్కడికి సర్దుకున్నారు. ఇక మిగిలింది కారు తీయడమే, అదీ తీశారు. మరి 10:25 దాకా ఈ గొడవ ఎవరిది?

501 గారూ, మీ పేరు ఎత్తకుండా అందరికీ అన్నట్టు రాయొచ్చు. అది మర్యాద అనిపించుకోదు, అందుకే నేరుగా అడుగుతున్నాను. 10:04కే అది ఎవరి కారో మీకు తెలుసు. ఫొటో తీయడానికి ఐదో అంతస్తు నుంచి సెల్లార్ దాకా దిగారు. దారిలోనే కదా మూడో అంతస్తు. ఒక్క బెల్ కొట్టి ఉంటే ఆ కారు అప్పుడే కదిలేది. సమస్య తీర్చే దారి చేతిలో ఉండి కూడా మీరు అందరికీ చూపించే దారి పట్టారు.

తర్వాత, ఒక కారు సంగతి అద్దెకుండేవాళ్లందరి సంగతైంది. దాంతో ఏ సంబంధమూ లేని 305 వాళ్లు కూడా మాట పడ్డారు. సారీ వచ్చాక బర్త్‌డే వచ్చింది. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది 10:14 మెసేజ్. సర్దుకున్న కుర్రాడిని "మెత్తగా ఉన్నావు" అని పొడిచారు. అప్పటిదాకా అతని మెసేజ్‌లలో కోపం లేదు, పైకెళ్లి చదవండి. తల్లి గురించి అలా అంటే ఎవరికైనా రక్తం ఉడుకుతుంది. పోలీసుల మాట ఎత్తింది 302 వాళ్లే, కానీ అది టైర్ల బెదిరింపు తర్వాత. వరస తీసేసి చూస్తే ఇద్దరూ సమానంగా అరిచినట్టే ఉంటుంది.

402 గారూ, ఆ పూట మీరు "కరెక్ట్" అనకపోయి ఉంటే ఆ మాట ఒక్కరిదిగా ఉండిపోయేది. ఫ్లాట్‌కి రాసిచ్చిన స్లాట్‌ని అందులో ఉండేవాళ్లు వాడుకుంటారు, ఓనర్ అయినా టెనెంట్ అయినా. మెయింటెనెన్స్ అందరూ కడుతున్నారు, లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఒకరిని ఇల్లు ఖాళీ చేయించే అధికారం మన అసోసియేషన్‌కి లేదు. ఇంకొకరి కారుకి నష్టం చేస్తే కేసవుతుంది.

501 గారి మాటలో న్యాయం లేదని కాదు. బర్త్‌డే పాటల బాధ నిజమైనదే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత్రివేళ కింద లెక్క. ఇళ్లున్న చోట అప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. పగలైతే 55. పదకొండున్నర దాకా పాటలు పెట్టడం తప్పే. అది ఆ రాత్రే 302కి గానీ నాకు గానీ చెప్పి ఉంటే ఆపించేదాన్ని. లోపల దాచుకున్న కోపం ఇంకొకరి తగువులో బయటికొస్తే, అసలు ఫిర్యాదు ఎవరికీ వినపడదు.

రేపు ఆదివారం 11 గంటలకు సెల్లార్‌లో కూర్చుందాం. ఈలోగా ప్రతి కారు అద్దం మీద ఫ్లాట్ నంబర్, ఫోన్ నంబర్ అంటించండి. విజిటర్ కారు లోపలికొస్తే వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాసుకుంటాడు, పుస్తకం ఇచ్చాను. అడ్డుగా కారు ఉంటే ముందు ఫోన్, తర్వాత బెల్, అప్పటికీ కదలకపోతే నేను. ఇతరుల కార్ల ఫొటోలు గ్రూప్‌లో వద్దు. గ్రూప్ ఇప్పుడు తెరుస్తున్నాను.

302 (7:58): 204 గారూ, అమ్మగారికి వీలైనప్పుడు చెప్పండి, మా ఆవిడా నేనూ వచ్చి చూసి వెళ్తాం. పాటల విషయంలోనూ సారీ, టైమ్ చూసుకోలేదు.

204 (8:03): సాయంత్రం రండి. అమ్మ బాగానే ఉంది. రాత్రి నేనూ కాస్త గట్టిగా అన్నాను, ఏమనుకోకండి.

501 (8:20): మేడమ్, నేను అపార్ట్‌మెంట్ మంచికే చెప్పాను. అంతా నా ఒక్కడి మీదే పెట్టడం బాగాలేదు.

103, సెక్రటరీ (8:24): మంచికే అయితే ముందు ఆ ఫొటో, టైర్ల మెసేజ్ తీసేయండి. మిగతాది రేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడదాం. మీ మాట పూర్తిగా వింటాను.

501 (8:41): తీసేశాను. పాటల సంగతి మాత్రం రేపు తేలాలి.

103, సెక్రటరీ (8:43): మొదటి అంశం అదే.

305 (8:45): పార్కింగ్ రెండోది పెట్టండి ఆంటీ. స్లాట్ నంబర్లు చెరిగిపోయి కనిపించట్లేదు. పెయింట్ నేను తెస్తాను.