నియామకం, శిక్షణ, పనితీరు మదింపు: ఎం.బి.ఏ. విద్యార్థులకు సారాంశం

సిలబస్‌లో ఇవి మూడు యూనిట్లు, పరిశ్రమలో మాత్రం ఒకే గొలుసు. ఎంపికలో జరిగిన పొరపాటు శిక్షణ ఖర్చుగా తేలుతుంది, శిక్షణలో వదిలేసిన లోపం మదింపులో తక్కువ మార్కులుగా కనిపిస్తుంది. అందుకే మూడింటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ శివార్లలోని ఒక మాత్రల తయారీ కర్మాగారానికి జూన్ 1 నాటికి ప్యాకింగ్ విభాగంలో 20 మంది ఆపరేటర్లు కావాలి.

నియామకం

మొదటి పని ప్రకటన రాయడం కాదు, ఉద్యోగ విశ్లేషణ. దాని నుంచి రెండు పత్రాలు వస్తాయి. ఏం చేయాలో చెప్పేది ఉద్యోగ వివరణ: మాత్రలను స్ట్రిప్‌లలో అమర్చి మూసే బ్లిస్టర్ యంత్రం నడపడం, లోపమున్న స్ట్రిప్‌లు ఏరడం, బ్యాచ్ రికార్డు ఎప్పటికప్పుడు నింపడం. ఎవరు చేయగలరో చెప్పేది ఉద్యోగ నిర్దేశం: ఐ.టి.ఐ. చదువు, మంచి కంటిచూపు, మూడు షిఫ్టుల్లో పనిచేసే వీలు. ఈ రెంటినీ కలిపేసి రాయడం పరీక్షల్లో మామూలుగా కనిపించే తప్పు.

ఎన్ని దరఖాస్తులు రావాలో వెనక నుంచి లెక్క కట్టాలి. దీనికి వాడేది దిగుబడి నిష్పత్తి, అంటే ఒక దశలోని వాళ్లలో ఎంతమంది తర్వాతి దశకు మిగులుతారన్నది. గత అనుభవం ప్రకారం ఆఫర్ అందుకున్న 5 మందిలో 4 చేరతారు, కాబట్టి 25 ఆఫర్లు. ఇంటర్వ్యూకు వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఆఫర్, అంటే 50 మంది హాజరు కావాలి. పిలిచిన ముగ్గురిలో ఇద్దరు వస్తారు, కనుక 75 పిలుపులు. ఆరు దరఖాస్తుల్లో ఒకటే పిలుపుకు తగినది. మొత్తం 450 దరఖాస్తులు.

రోజుల లెక్కా ఇలాగే. దరఖాస్తులకు 10, వడపోతకు 4, ఇంటర్వ్యూలకు 7, ఆఫర్లకు 4, పాత చోట నోటీసు గడువుకు 30, కలిపి 55 రోజులు. ఏప్రిల్ 7న ప్రకటన రాకపోతే జూన్ 1న కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. మేనేజర్లు మే నెలలో మేలుకొని, దొరికినవాళ్లను చేర్చుకునేది ఈ లెక్క వేయకపోవడం వల్లనే.

వనరులు రెండు రకాలు. పదోన్నతి, బదిలీ వంటి లోపలి వనరులు చవక, మనిషి గురించి ముందే తెలుసు. కానీ ఒకరిని పైకి పంపితే కింద ఇంకో ఖాళీ. బయటి వనరుల్లో ఉద్యోగుల సిఫారసు వేగంగా పనిచేస్తుంది. అయితే ఒకే ఊరివాళ్లు, ఒకే బంధువర్గం విభాగమంతా నిండిపోతే రేపు ఒక పెళ్లి రోజున లైన్ ఆగిపోతుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం తీసుకున్న అప్రెంటిస్‌లు మరో మంచి వనరు, ఏడాది చూశాక తీసుకునే మనిషి కదా.

నియామకం ఎక్కువమందిని పిలుస్తుంది, ఎంపిక ఎక్కువమందిని వదిలేస్తుంది. అందుకే మొదటిదాన్ని సానుకూల ప్రక్రియ అని, రెండోదాన్ని ప్రతికూల ప్రక్రియ అని అంటారు. ఎంపికలో తోచిన ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ కన్నా అందరికీ అవే ప్రశ్నలు, అదే మార్కుల పట్టిక ఉన్న ఇంటర్వ్యూ నమ్మదగినది. దానికన్నా ముందు పని నమూనా పరీక్ష పెట్టండి. 50 స్ట్రిప్‌లలో 6 లోపమున్నవి కలిపి, పది నిమిషాల్లో ఏరమనండి. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్న చెప్పలేనిది ఇది చెబుతుంది.

శిక్షణ

అవసరాన్ని మూడు స్థాయిల్లో చూడాలి: సంస్థ, పని, వ్యక్తి. మూడో స్థాయిలో ఒక ప్రశ్న తప్పనిసరి. ఈ మనిషికి పని రాదా, వచ్చీ చేయడం లేదా? రాకపోతే శిక్షణ. వచ్చీ చేయకపోతే కారణం పాడైన యంత్రం కావచ్చు, ఇన్సెంటివ్ పద్ధతి కావచ్చు, సూపర్‌వైజర్ కావచ్చు. రికార్డు నింపితే లైన్ ఆగిందని తిట్లు పడే చోట, రికార్డు నింపడంపై ఎన్ని తరగతులు పెట్టినా డబ్బు దండగే.

పని చోటే నేర్పేందుకు రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కర్మాగారాల్లో స్థిరపడిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ సాటిలేనిది. ముందు అభ్యర్థిని సిద్ధం చేయడం, తర్వాత చేసి చూపిస్తూ ముఖ్యాంశాలకు కారణం చెప్పడం, మూడోది అతనిచేతే చేయించి ఎందుకలా చేశాడో చెప్పించడం, చివరిది వదిలేసి మధ్యమధ్య తనిఖీ. మన దగ్గర తరచూ మూడో మెట్టు మాయమవుతుంది. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అంటాడు, అక్కడితో సరి.

యంత్రం ఖరీదైనదైనా, తప్పు ప్రమాదకరమైనదైనా లైన్ పక్కన కాకుండా విడిగా అలాంటి యంత్రాన్నే అమర్చి నేర్పాలి. ఇదే వెస్టిబ్యూల్ శిక్షణ. లెక్చర్, కేస్ స్టడీ, పాత్రధారణ వంటివి ఎక్కువగా సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు పనికొస్తాయి.

ఫలితం కొలవడానికి 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ చెప్పిన నాలుగు స్థాయిలున్నాయి. మన కర్మాగారంలో అవి ఇలా ఉంటాయి: శిక్షణ నచ్చిందా (స్పందన), పరీక్షలో లోపాలు గుర్తుపట్టాడా (అభ్యసనం), మూడు నెలల తర్వాత లైన్‌పై అలాగే చేస్తున్నాడా (ప్రవర్తన), తిరస్కరించిన స్ట్రిప్‌లు తగ్గాయా (ఫలితం). చాలా సంస్థలు మొదటి స్థాయి ఫారం నింపించి ఊరుకుంటాయి. అది భోజనం బాగుందో లేదో చెబుతుంది, అంతకు మించి కాదు.

రూపాయల్లో చూస్తే శిక్షణకు 1,20,000 ఖర్చయి, ఆరు నెలల్లో 1,80,000 వృథా తగ్గిందనుకుందాం. నికర లాభం 60,000, దాన్ని ఖర్చుతో భాగిస్తే రాబడి 50 శాతం. ఖర్చులో శిక్షణ రోజుల జీతం, ఆగిన ఉత్పత్తి కూడా కలపాలి. అదే ఆరు నెలల్లో కొత్త యంత్రం కూడా వచ్చి ఉంటే ఆ ఘనత శిక్షణకు రాయకూడదు.

పనితీరు మదింపు

ఉద్యోగ వివరణ మళ్లీ బయటికి తీయాలి, ప్రమాణాలు అందులోంచే రావాలి. ఉదాహరణకు నాణ్యతకు 40, ఉత్పత్తికి 30, రికార్డులకు 20, హాజరుకు 10 మార్కులు. ఇవి ఏడాది మొదట్లోనే ఉద్యోగికి చెప్పాలి.

పద్ధతుల్లో ర్యాంకింగ్ తేలిక, కానీ ఎవరు ఎంత ముందున్నారో చెప్పదు. ఒక్కో అంశానికి స్కేలుపై మార్కు పెట్టే గ్రాఫిక్ రేటింగ్‌లో 'బాగుంది' అనే మాట ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ప్రవర్తన ఆధారిత రేటింగ్ ఈ గొడవను తగ్గిస్తుంది. రికార్డుల అంశంలో 5 అంటే 'ప్రతి దశ జరిగిన వెంటనే నమోదు, తప్పు కొట్టేసినచోట సంతకం', 3 అంటే 'షిఫ్టులోపు నమోదు, అప్పుడప్పుడు గుర్తు చేయాలి', 1 అంటే 'షిఫ్టు చివర ఊహించి నింపడం'. తయారీకి సమయం పడుతుంది, ప్రతి ఉద్యోగానికి విడిగా కావాలి. ముందే కలిసి పెట్టుకున్న లక్ష్యాలతో ఫలితాన్ని పోల్చే లక్ష్యాల ఆధారిత నిర్వహణ, 1954లో పీటర్ డ్రక్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చినది, మేనేజర్లకు సరిపోతుంది, యంత్రం వేగమే ఉత్పత్తిని నిర్ణయించే ఆపరేటర్‌కు అంతగా కుదరదు. శాతాల ప్రకారం బలవంతంగా పంచే పద్ధతి చిన్న జట్లలో అన్యాయం చేస్తుంది. అందరూ బాగా చేసిన ఐదుగురి జట్టులోనూ ఒకరు అడుగున ఉండాల్సిందే. మైక్రోసాఫ్ట్ 2013లో దాన్ని వదిలేసింది.

మదింపు చేసేవాళ్ల తప్పులు పేర్లతో గుర్తుంచుకోండి. ఒక్క మంచి గుణం చూసి అన్నింటికీ ఎక్కువ వేయడం హాలో ప్రభావం, అందరికీ మూడు వేసి తప్పించుకోవడం మధ్యస్థ ధోరణి, ఉదారంగా అందరికీ ఐదు వేయడం మెతక ధోరణి, మార్చిలో జరిగిందే ఏడాదంతా జరిగిందనుకోవడం తాజా ప్రభావం. చివరిదానికి మందు నెలకోసారి రెండు వాక్యాల సంఘటన నోటు, చేతిలో నోట్‌బుక్ చాలు.

ఫలితాన్ని దాచకూడదు. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగి వార్షిక నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, చెడ్డదే కాదు 'బాగుంది' అన్నదాన్ని కూడా, అతనికి తెలియజేయాలంది. దేవ్ దత్‌కు వచ్చింది 'బాగుంది', పదోన్నతికి కావలసింది 'చాలా బాగుంది'. ఆ తేడా తెలియకపోవడమే నష్టమైంది. ప్రైవేటు సంస్థకు ఆ తీర్పు నేరుగా వర్తించకపోయినా తర్కం వర్తిస్తుంది. సమీక్షా సమావేశంలో జీతం మాట, మెరుగుదల మాట కలపొద్దు. ఇంక్రిమెంట్ అంకె చెవిన పడ్డాక మిగతాదేదీ వినపడదు.

ఏడాది తర్వాత ఆ 20 మంది ఎంపిక మార్కులను, మదింపు మార్కులను పక్కపక్కన పెట్టి చూడండి. స్ట్రిప్‌ల పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లే నాణ్యతలోనూ ముందుంటే ఆ పరీక్షను ఉంచుకోవచ్చు. సంబంధం లేకపోతే తీసేసే ముందు ఒక జాగ్రత్త: తక్కువ మార్కులు వచ్చినవాళ్లను మనం చేర్చుకోనేలేదు, వాళ్ల పనితీరు ఈ పట్టికలో లేదు. పైగా ఇరవై మంది అంకెలు చాలా తక్కువ, ఇంకో రెండు బ్యాచ్‌లు చేరేదాకా ఆగాలి.