అక్కా, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో

అందరూ ఒక్క నిమిషం గ్లాసులు చేతిలోకి తీసుకోండి.

అక్కా, ఆరేళ్ల కిందట ఈ ఫ్లాట్‌లో దిగినప్పుడు మనకి ఒకరి పేరు ఒకరికి తెలుసు, అంతే. అద్దె చెరి సగం అనుకున్నాం. నాకు జ్వరం వచ్చిన వారం గుర్తుందా? రాత్రి రెండింటికి ఓసారి, నాలుగింటికి ఓసారి అలారం పెట్టుకుని లేచి నా నుదురు తాకి చూసేదానివి. పొద్దున్నే మళ్లీ ఆఫీసుకి పరిగెత్తేదానివి. ఈ సంగతి నువ్వెవరికీ చెప్పలేదు, అందుకే ఇవాళ నేను చెబుతున్నాను. నా ఉద్యోగం పోయిన మూడు నెలలూ అద్దె మొత్తం నువ్వే కట్టావు. ఒక్కసారీ గుర్తు చేయలేదు.

గొడవలూ పడ్డాం. ఒకసారైతే రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నువ్వే నా తలుపు కొట్టి, "తిన్నావా?" అన్నావు.

రేపటి నుంచి గుమ్మం దగ్గర నీ చెప్పులు కనబడవు. ఆ మాట అనుకుంటేనే గొంతు పట్టేస్తోంది. నీ తాళంచెవి మాత్రం నేను తీసుకోను.

కొత్త ఊళ్లో నీకు ఒంట్లో బాగోకపోతే, అలారం పెట్టుకుని లేచే మనిషి ఒకరు నీకూ దొరకాలి. దొరికేదాకా ఫోన్ చెయ్, నేను లేస్తాను.

గ్లాసులు పైకెత్తండి. మా అక్క కోసం!