‘దా’కి మూడు లైన్లేనా?

చెన్నపట్నం తెలుగు: వర్ణనాత్మక వ్యాకరణం
పేజీలు: 612, వెల: 950 రూపాయలు

తెలుగు వ్యాకరణాలకి మద్రాసు పుట్టిల్లు లాంటిది. కాంప్‌బెల్ వ్యాకరణం 1816లో, బ్రౌన్ వ్యాకరణం 1840లో ఇక్కడే అచ్చయ్యాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చిందీ ఇక్కడినుంచే. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఈ ఊరి ఇళ్ళలో మాట్లాడే తెలుగు గురించి కాదు. పెరంబూరులో, కొరుక్కుపేటలో, వాషర్‌మన్‌పేటలో తరాలుగా తెలుగు మాట్లాడుతున్నవాళ్ళు, హైదరాబాదు నుంచి చుట్టాలొస్తే ‘మాది మద్రాసు తెలుగు లెండి’ అని ముందే ఒక క్షమాపణ చెప్పేసుకుంటారు. ఇప్పుడు ఆ తెలుగుకే 612 పేజీల వ్యాకరణం వచ్చింది. నేను అలాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి దీన్ని తటస్థంగా చదివానని చెప్పలేను. సంతోషంగా చదివాను, తరవాత కొంచెం కోపంగా చదివాను.

సంతోషం సంగతి ముందు. ఇందులో లేనిదేమిటో చెప్పడం కష్టం. పద్నాలుగు అధ్యాయాలు. ధ్వనులు, సంధి, విభక్తులు, క్రియారూపాలు, బంధుత్వ పదాలు, లెక్కలు, తిట్లు కూడా. తిట్లకి విడిగా నాలుగు పేజీలు కేటాయించిన ధైర్యం నాకు నచ్చింది. రచయిత్రి ఒక్కో కుటుంబంలో మూడు తరాలను కూర్చోబెట్టి రికార్డు చేశారు. ఒకే మాట అవ్వ నోట ఎలా ఉంది, కూతురి నోట ఎలా మారింది, మనవడి నోట ఎక్కడ తమిళంలోకి జారింది అన్నది పక్కపక్కనే కనిపిస్తుంది. పక్కనున్న తమిళంలో ‘ఆయన’, ‘ఆవిడ’, ‘అది’ మూడింటికీ క్రియ మూడు రకాలుగా మారుతుంది కదా, దాని ప్రభావంతో మన ‘ఆమె వచ్చింది, ఆవు వచ్చింది’ చెదిరిందేమో అని నేను ఎదురుచూశాను. చెదరలేదట. మనవళ్ళు సైతం రెండింటికీ ఒకే క్రియ వాడుతున్నారని ఆవిడ ఉదాహరణలతో చూపించారు.

అన్నిటికన్నా మంచి అధ్యాయం వ్యతిరేకార్థం మీద ఉన్నది. తెలుగులో ‘కాదు’ వేరు, ‘లేదు’ వేరు. ‘ఇది నా చెప్పు కాదు’ అంటాం, ‘ఇక్కడ నా చెప్పు లేదు’ అంటాం. వాడుక తమిళంలో రెండింటికీ ‘ఇల్ల’ ఒక్కటే సరిపోతుంది. అందుకే ఈ ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు ‘అది నా చెప్పు లేదు’ అంటున్నారని రచయిత్రి పట్టుకున్నారు. ఎవరు అంటున్నారు, ఏ వయసువాళ్ళు, ఇంట్లోనా బయటా, అన్నీ ఓపిగ్గా విడదీశారు. భాషాశాస్త్రం చదివే పిల్లలకి ఈ అధ్యాయం ఒక్కటి చదివించినా పుస్తకం డబ్బులు వచ్చేసినట్టే.

ఇక కోపం సంగతి.

పదకొండో అధ్యాయం పేరు ‘నొక్కి చెప్పడం’. తొమ్మిది పేజీలు. వాక్యంలో ఏది వినేవాడికి ముందే తెలిసిన సంగతి, ఏది కొత్తది, దేన్ని దేనితో పోలుస్తున్నాం, దాన్నిబట్టి మాటల వరస ఎలా మారుతుంది అనేదంతా ఈ తొమ్మిది పేజీల్లోనే సర్దేశారు. దీన్ని సమాచార నిర్మాణం అంటారు. ఆ పేరు 1967లో భాషాశాస్త్రవేత్త హాలిడే పెట్టింది. లాంబ్రెక్ట్ 1994లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అంటే నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. అలాంటిది ఇక్కడ ‘ఏ’ చేరిస్తే నొక్కు, ‘దా’ చేరిస్తే నొక్కు, మాటని ముందుకు తెస్తే నొక్కు, వెనక్కి తోస్తే కూడా నొక్కే. అన్నిటికీ ఒకటే మందు రాసిచ్చే డాక్టరు గుర్తొచ్చాడు.

‘దా’ సంగతే చూడండి. తమిళం ‘తాన్’ నుంచి వచ్చి మద్రాసు తెలుగులో స్థిరపడిపోయిన ముక్క ఇది. ‘నేను దా చెప్పినా’, ‘అక్కడ దా ఉండాడు’. మా ఇంట్లో ఇది లేకుండా రెండు నిమిషాలు గడవవు. ఈ వ్యాకరణంలో దానికి మూడు లైన్లు, రెండు ఉదాహరణలు. ‘ఏ’కి బదులుగా వాడతారు అని తేల్చేశారు. నిజంగా బదులేనా? అలాగైతే ‘ఏ’ ఎందుకు ఇంకా బతికుంది? పుస్తకం చివర అచ్చువేసిన కథల్లోనే ఒకే మనిషి రెండూ వాడుతోందే!

ఆ కథల్లో ఒకటి నీళ్ళ లారీ గురించి. 2019 వేసవిలో చెన్నైకి నీళ్ళు ఎండిపోయినప్పటిది. ఒకావిడ చెబుతోంది:

‘లారీ వచ్చె. అందరూ పరిగెత్తిరి. నా బిందె దా ముందర ఉండె. ఎత్తి పక్కన పెట్టేసినారు దాన్ని. పెట్టింది ఎవరనుకున్యావు? ఎదురింటామె. నన్నే అడగతాది మళ్ళీ, ఎందుకు అరస్తావని.’

ఆరేడు వాక్యాలు. ఇందులో సమాచార నిర్మాణం పాఠమంతా ఉంది. ‘లారీ వచ్చె’ కొత్త వార్త. దానికి ఏ ముక్కా అంటలేదు. ‘నా బిందె దా’ అన్నప్పుడు అందరి బిందెల్లోంచి ఒకదాన్ని వేరు చేసి చూపిస్తోంది, ఇంకెవరిదీ కాదు అని. తరవాతి వాక్యంలో ఆ బిందె పాత సంగతి అయిపోయింది కాబట్టి ‘దాన్ని’ అయి క్రియ వెనక్కి పోయి కూర్చుంది. ‘పెట్టింది ఎవరు’ అన్నచోట ఎవరో ఒకరు పెట్టారన్నది ఒప్పుకున్న విషయం, తేలాల్సింది మనిషి పేరే. ఇక ‘నన్నే’లో ఉన్న ‘ఏ’ ఏరి చూపించడానికి కాదు, చోద్యానికి: ఎవర్ని అడగకూడదో ఆ మనిషినే అడిగింది కదా! అక్కడ ‘నన్ను దా’ అని పెట్టి చదివి చూడండి. వాక్యం తప్పు కాదు, కానీ ఆ ఒళ్ళుమంట పోతుంది. ఇంత సరుకు తన చేతిలోనే పెట్టుకుని రచయిత్రి ‘బదులుగా వాడతారు’ అని ఎలా రాయగలిగారో నాకు అర్థం కాలేదు.

ఇలాంటిదే ఇంకొకటి. ప్రాణం లేని వస్తువులకి ‘ను’ చేర్చడం ఐచ్ఛికం అని నాలుగో అధ్యాయంలో ఉంది: ‘బిందె కడిగినా’, ‘బిందెను కడిగినా’, రెండూ సరే. ఐచ్ఛికం అనే మాట కనిపిస్తే నాకు అనుమానం మొదలవుతుంది. ఇష్టమొచ్చినట్టు వాడేదైతే జనం ఎప్పుడో ఒకదాన్ని వదిలేసేవారు. ఏ బిందె అన్నది ముందే మాటల్లోకి వచ్చిందా లేదా అని కథల్లో వెతికి చూస్తే ఎంతో కొంత తేలేది. ‘ఐతే’ని కూడా ‘వానొస్తే, పనైతే’ లాంటి షరతు వాక్యాల దగ్గరే వదిలేశారు. ‘పెద్దోడికైతే పెళ్ళయిపోయింది’ అంటే అక్కడ షరతేమీ లేదు. చిన్నోడి సంగతి ఇంకా తేలలేదని ఆ ఒక్క ముక్కతో చెప్పేశాం.

ఈ లోటు ఒక్క అధ్యాయంతో ఆగలేదు, పుస్తకంలో మంచి భాగాలనూ పట్టుకుంది. నేను మెచ్చుకున్న వ్యతిరేకార్థం అధ్యాయమే చూడండి. ‘నేను చెప్పలేదు’ వేరు, ‘నేను కాదు చెప్పింది’ వేరు. రెండోదాంట్లో ఎవరో చెప్పారు, ఆ ఎవరో నేను కాను. ‘కాదు’కి బదులు ‘లేదు’ వాడే ఆ కుర్రాళ్ళు ఇక్కడ కూడా ‘నేను లేదు చెప్పింది’ అంటారా, లేక ఇక్కడ మాత్రం ‘కాదు’ నిలబడిందా? ఆ అధ్యాయం మొత్తంలో నాకు తెలుసుకోవాలనిపించినది ఇదొక్కటే. జవాబు లేదు. అడిగిన దాఖలా కూడా లేదు.

ఎందుకిలా అయింది? ఉదాహరణలు చూస్తే తెలుస్తుంది. చాలావరకు విడివిడిగా అడిగి రాబట్టిన వాక్యాలు. ‘రాముడు పుస్తకాన్ని చదివినాడు’ తరహావి. మన వ్యాకరణాల్లో రాముడు పుస్తకాలు చదువుతూనే ఉంటాడు, పాపం, ఒక్క పుస్తకమూ పూర్తిచెయ్యడు. ముందూ వెనకా ఏమీ లేని వాక్యంలో పాత సంగతి, కొత్త సంగతి అని ఎక్కడుంటుంది? 289వ పేజీలోని ‘రాముడు దా పుస్తకాన్ని చదివినాడు’ని పెరంబూరులో ఉన్న మా పెద్దమ్మకి వినిపించాను. ‘ఎవరు చదివినారని అడిగితే కదా అట్ల చెప్పేది? ఎవరడిగినారు?’ అంది. పుస్తకం మీద నేను రాయబోయే విమర్శ మొత్తం ఆవిడ ఒక్క ప్రశ్నలో అయిపోయింది.

దీనికి మార్గాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక పిల్లవాడు జామకాయల్లాంటి పళ్ళ బుట్ట ఎత్తుకుపోయే ఆరు నిమిషాల మూగ సినిమా ఒకటుంది, భాషాశాస్త్రవేత్త ఛేఫ్ బృందం 1975లో తీసింది. దాన్ని చూపించి కథ చెప్పమంటే చాలు, మనుషుల్నీ వస్తువుల్నీ మొదటిసారి ఎలా ప్రస్తావిస్తారో, రెండోసారి ఎలాగో బయటపడుతుంది. జర్మనీలోని పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2006లో బొమ్మలతో, ఆటలతో ఒక ప్రశ్నావళే తయారుచేసి పెట్టారు. మూడు తరాలను కూర్చోబెట్టే ఓపిక ఉన్న మనిషికి ఇంకో రెండు సాయంత్రాలు పట్టేది. స్వరం సంగతి కూడా దాదాపు లేనట్టే. ఏ మాట దగ్గర గొంతు లేస్తుందో అన్నదానికి ఒక్క పేరా ఇచ్చారు. రికార్డింగులన్నీ తన దగ్గరే ఉన్నాయి మరి.

నిజమే, ఒక్కరే కూర్చుని ఒక మాండలికం మొత్తాన్ని రాస్తుంటే ఏదో ఒకటి పలచబడుతుంది. కానీ ఈ తెలుగు విషయంలో పలచబడకూడనిది ఇదే. విభక్తులూ క్రియలూ చాలావరకు చిత్తూరువైపు తెలుగుతో కలుస్తాయి. మద్రాసు తెలుగుని మద్రాసు తెలుగుగా చేసేది ‘దా’ లాంటి ముక్కలూ, వాటితో వాక్యం తిరిగే తీరూ.

చిన్న చిన్న తప్పులున్నాయి: 143, 377 పేజీల్లో ఉదాహరణల నంబర్లు తారుమారయ్యాయి, పదసూచికలో ‘ఏ’ లేదు. కొనాలా అంటే కొనండి. చివర్లో ఉన్న కథల కోసమైనా కొనండి. పదకొండో అధ్యాయం చదివే ముందు వాటిని చదవండి.

నా ప్రతిలో ‘దా’ కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుండ్రం చుట్టుకున్నాను. పేర్ల తరవాత ఉంది, ‘అక్కడ’, ‘ఇప్పుడు’ల తరవాత ఉంది. క్రియ తరవాత వస్తుందా రాదా అని మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. తమిళంలో వస్తుంది. అందుకే పెద్దమ్మని అడిగాను, ‘చెప్పినా దా’ అనొచ్చా అని. ఆవిడ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: ‘మీ పెదనాయనకి ఆ ఇల్లు కొనొద్దని చెప్పినా దా. విన్యాడా?’