పెళ్లినాటి ఉదయం పద్మకు

పద్మా,

తెల్లవారితే నీ చుట్టూ పదిమంది చేరతారు. ఒకరు జడ సర్దుతూ, ఒకరు చీర కుచ్చిళ్లు సరిచేస్తూ, ఇంకొకరు త్వరపెడుతూ ఉంటారు. నీ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో నీకే తెలియదు. అందుకే ఈ సందేశం ఇంత పొద్దున్నే పంపుతున్నాను. అలారం మోగకముందే లేచి, అది ఎవరి నిద్రా చెడగొట్టకుండా ఆపేసే అలవాటు నీది. ఆ కాసేపట్లో చదువుకో.

నాలుగు ముక్కలు రాద్దామని రాత్రి కూర్చున్నాను. నిండు నూరేళ్లు, అన్యోన్య దాంపత్యం, శుభాకాంక్షలు. ఈ మాటలన్నీ మంచివే. నీకు అవన్నీ కలగాలనే నా కోరిక కూడా. కానీ వాటిని ఎవరి పెళ్లికి పంపినా సరిపోతాయి. నీకు మాత్రమే సరిపోయేది రాయాలంటే ఆ ఆరు రాత్రుల దగ్గరికి వెళ్లక తప్పలేదు.

చివరి సంవత్సరం పరీక్షలకు వారం ముందు నాకు కళ్లకలక వచ్చింది. పుస్తకం తెరిస్తే నీళ్లు కారేవి, అక్షరాలు అలుక్కుపోయేవి. పక్కన ఉంటే నీకూ అంటుకుంటుందని అందరూ చెప్పారు. నువ్వు నా తువ్వాలు వేరుగా ఆరేసి, నా కళ్లలో చుక్కల మందు వేసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని నా అర్థశాస్త్రం పుస్తకం చదివి వినిపించావు. నువ్వు చదివేది వృక్షశాస్త్రం. ఆ పదాలు నీకు కొత్త. అయినా ఒక్క పేరా కూడా దాటవేయలేదు. పట్టికలు వచ్చినప్పుడు గడి గడీ చదివావు. రేఖాచిత్రం వస్తే నా అరచేతి మీద వేలితో గీసి చూపించావు. డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతుందని ఇప్పటికీ నా అరచేయే నాకు చెబుతుంది.

క్షీణోపాంత ప్రయోజన సూత్రం గుర్తుందా? ఒక వస్తువును వరుసగా వాడుతూ పోతే, ఒక్కో అదనపు యూనిట్ నుంచి కలిగే తృప్తి తగ్గుతూ వస్తుందని చెప్పే సూత్రం. ఆకలితో ఉన్నవాడికి మొదటి పండు ఇచ్చిన సంతోషం ఐదో పండు ఇవ్వదు. అది చదివి నువ్వు ఆగిపోయావు. పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, “మనుషుల విషయంలో ఇది కుదరదు కదా?” అన్నావు. పరీక్షకు పనికొచ్చే ప్రశ్న కాదని నేను తొందరపెట్టాను. ఆ ప్రశ్నకు జవాబు ఈరోజు ఇస్తున్నాను. కుదరదు. పదకొండేళ్లుగా నిన్ను చూస్తున్నాను. నువ్వు తలుపు తోసుకుని లోపలికి వస్తే మొదటి ఏడాది ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడూ అంతే. రవి గారి విషయంలోనూ నీకు, నీ విషయంలో ఆయనకూ ఆ సూత్రం ఎప్పటికీ తప్పాలి. ఇదే నా మొదటి కోరిక.

రెండోది చెప్పడం కొంచెం కష్టం. అయినా చెబుతాను.

ఆ రాత్రుల్లో నేను నిద్రపోయాననుకుని నువ్వు నీ పుస్తకం తీసేదానివి. కళ్లు మూసుకునే ఉన్నా నాకు కాగితం తిప్పిన చప్పుడు వినిపించేది. నాకోసం పోగొట్టుకున్న గంటలను నిద్రలోంచి తీసుకున్నావు. ఆ పరీక్షలో నీకు మార్కులు తగ్గాయని వేరేవాళ్లు చెబితే తెలిసింది. నీ నోట ఒక్క మాట రాలేదు. ఆ తర్వాతి నెల నీకు జ్వరం వచ్చింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. సగం నిండిన బకెట్ పక్కన మెట్ల మీద, గోడకు తల ఆనించి కూర్చున్న నిన్ను చూశాక గానీ నాకు తెలియలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, “నువ్వు ఊరికి బయలుదేరుతున్నావు కదా” అన్నావు. ఆరోజు నేను చేసిన ప్రయాణం ఏమీ లేదు, సంచి విప్పేశాను. కానీ ఆ జవాబు మాత్రం ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

ఎదుటివాళ్లకు ఏం కావాలో అడగకుండానే కనిపెడతావు. నీకు ఏం కావాలో మాత్రం నోరు విప్పి అడగవు. నీ గురించి నాకున్న ఒకే ఒక్క దిగులు ఇది.

రవి గారిని మొదటిసారి చూసిన సాయంత్రం ఆ దిగులు చాలావరకు తగ్గింది. ముగ్గురం నడుస్తున్నాం. నీ చెప్పు పట్టీ తెగింది. నువ్వు ఎప్పటిలాగే ఏమీ అనకుండా, కాలివేళ్లతో చెప్పును పట్టుకుని నడక సాగించావు. నేను గమనించేలోపే ఆయన మాట ఆపకుండా నడక నెమ్మది చేశారు. కాసేపటికి, “ఇక్కడ కూర్చుందామా, నాకు కాళ్లు లాగుతున్నాయి” అన్నారు. ఆయన కాళ్లకు ఏమీ కాలేదని నాకు తెలుసు. నువ్వు కూర్చున్నాక కిందికి చూసి నీ చెప్పు చేతిలోకి తీసుకున్నారు. ఇంటికి వెళ్లి నేను మా అమ్మతో అన్న మాట, “పద్మకు సరైన మనిషే దొరికారమ్మా” అని.

అయినా పద్మా, కనిపెట్టే మనిషి దొరికారు కదా అని చెప్పడం పూర్తిగా మానేయకు. ఎంత శ్రద్ధగలవాళ్లైనా అలసిపోయి ఇంటికి వచ్చే రోజులుంటాయి. ఆరోజు నీ ముఖం చదవలేకపోతే అది ప్రేమ తగ్గడం కాదు. అప్పుడు నువ్వే చెప్పు. తలనొప్పిగా ఉందని చెప్పు. ఈ మాట నన్ను బాధపెట్టిందని చెప్పు. నీకు కోపం వస్తే మడతపెట్టిన బట్టలనే మళ్లీ విప్పి మడతపెడతావని నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఆయనకు అంతకాలం పట్టనివ్వకు, ఆ గుట్టు నువ్వే విప్పు. నువ్వు అడిగిన రోజు ఆయన ఎంత సంతోషిస్తారో నాకు తెలుసు, ఎందుకంటే నువ్వు ఎప్పుడైనా ఏదైనా అడుగుతావేమోనని నేను పదకొండేళ్లు ఎదురుచూశాను.

మీ ఇద్దరి ఇంట్లో ఒకరు చదువుతుంటే ఒకరు వినే రాత్రులు చాలా ఉండాలి. ఈసారి వినేది నువ్వు కావాలి. నువ్వు నిద్రపోయాక చప్పుడు కాకుండా దీపం తగ్గించే చెయ్యి నీ పక్కన ఉండాలి.

మరొక్క మాట. ఈరోజు నేను వేదికకు ఎడమవైపు, రెండో వరుస చివర కూర్చుంటాను. ఆకుపచ్చ చీర. సంచిలో మంచినీళ్లు, పిన్నీసులు, తలనొప్పి మాత్ర, చేతిరుమాలు పెట్టుకున్నాను. ఎంతమంది ఉన్నా సరే, దాహం వేసినా, పిన్ను గుచ్చుకుంటున్నా, ఊరికే ఏడుపు వస్తున్నా సర్దుకోకు. నా వైపు చూసి చెయ్యి ఊపు. వచ్చేస్తాను.

నీ
వసుధ