దసరా 2024: మన వాచ్‌మన్ కుటుంబానికి, ఊడ్చే అక్కలకు కృతజ్ఞతలు

ఫ్లాట్ 302: అందరికీ విజయదశమి శుభాకాంక్షలు. ఈ రోజు మొదటి నమస్కారం మన వాచ్‌మన్ అన్నకు, వదినకు. సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు వాళ్ల గదిలోకే ముందు నీళ్లొచ్చాయి. అయినా అన్న తన సామాను వదిలేసి మోటారుకు కరెంటు ఆపారు, పాల ప్యాకెట్లూ మంచినీళ్లూ అయిదో అంతస్తు దాకా మోశారు. ఆ మేలు మరచిపోలేము.

ఫ్లాట్ 104: వరద తీశాక సెల్లారంతా బురదే. అక్కలిద్దరూ పారలతో ఎత్తిపోసి, బ్లీచింగ్ చల్లి, సంపు కడిగాకే ఇంటికి వెళ్లారు. వాళ్ల ఇళ్లలోనూ అదే బురద ఉంది! మీ చేతులకు దండం, అక్కా.

ఫ్లాట్ 501: లిఫ్టు ఆగిన రోజుల్లో మా అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించింది మీరే అన్నా. వదినకు చీర తెచ్చాం. సాయంత్రం పిల్లలతో సహా మా ఇంటికి భోజనానికి రండి.

ఫ్లాట్ 203: దసరా మామూలు ఎవరికి తోచినంత వారు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి. చెత్త బండి తమ్ముణ్ణి మరవకండి, పొద్దున్నే వచ్చి వెళ్లిపోతాడు. మధ్యాహ్నం నుంచి అందరికీ సెలవు. అన్నవాళ్లు కొండ మీద అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చేదాకా గేటు దగ్గర మనమే వంతులవారీగా కూర్చుందాం. మొదటి వంతు నాది.