లైప్‌జిగ్ రూమ్ అగ్రిమెంట్ చదివాను

తమ్ముడూ, ఫొటోలు చూశాను. 420 యూరోలు ఉత్త అద్దె, జర్మన్‌లో కాల్ట్‌మీటె. నేబెన్‌కోస్టెన్ 110 అంటే నీళ్లు, హీటింగ్, చెత్త ఖర్చులకు నెలనెలా ముందే కట్టేది. ఏడాదికోసారి లెక్క చూస్తారు, ఎక్కువ వాడితే తేడా నువ్వే కట్టాలి. కరెంటు వేరు.

డిపాజిట్ 1,260, చట్టం ఒప్పుకునే మూడు నెలల అద్దె. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు నీకుంది. నాన్నను ఒకేసారి సర్దమని టెన్షన్ పెట్టకు.

నాకు భయమేసింది 9వ క్లాజు చూసి. మొదటి ఏడాది నువ్వు ఖాళీ చేస్తానని నోటీసు ఇవ్వకూడదట. ఆ తర్వాతైనా మూడు నెలల ముందు, సంతకం చేసిన కాగితమే పంపాలి, మెయిల్ చెల్లదు. మధ్యలో హాస్టల్ సీటొస్తే ఇరుక్కుపోతావురా. ఆ వాక్యం తీసేయమని ఓనర్‌ను అడుగు, అప్పటిదాకా సంతకం పెట్టకు.

చివరి పేజీ మసకగా ఉంది, వెలుతురులో మళ్లీ తీసి పంపు.